అదనపు పత్రాలు కోరుతూ వచ్చే వీసా లేఖ: మామూలు మాట ఏది? అనుమానపు మాట ఏది?

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- వీసా కార్యాలయం పంపిన లేఖ పత్రాన్ని అడుగుతున్నదా, అనుమానాన్ని తెలుపుతున్నదా అనేది గుర్తించగలుగుతారు.
- ఒక్కొక్క రకం లేఖకు జవాబు ఎందుకు వేరుగా ఉండాలో వివరించగలుగుతారు.

1. పరిచయం

మీరు డిగ్రీ పూర్తిచేసి కెనడాలో ఒక డిప్లొమా కోర్సుకు దరఖాస్తు చేశారనుకుందాం. కళాశాల నుంచి ప్రవేశ లేఖ వచ్చింది. స్టడీ పర్మిట్ దరఖాస్తును ఆన్‌లైన్‌లో పంపారు. కొన్ని వారాల తరువాత ఒక ఈ-మెయిల్ వస్తుంది. మరికొన్ని పత్రాలు కావాలనీ, గడువులోగా పంపకపోతే దరఖాస్తును తిరస్కరించవచ్చుననీ దానిలో ఉంటుంది. "తిరస్కరించవచ్చు" అనే మాట చూడగానే ఇంట్లో అందరూ కంగారు పడతారు.

నిజానికి ఆ మాట దాదాపు ప్రతి లేఖలోనూ ఉండే మామూలు వాక్యమే. దీనికి భిన్నంగా, నిజంగా ప్రమాదకరమైన లేఖ ఎంతో మర్యాదగా ఉంటుంది. "తుది నిర్ణయానికి ముందు మీకు జవాబు చెప్పుకొనే అవకాశం ఇస్తున్నాము" అంటుంది. మొదటి లేఖకు భయపడి, రెండవ లేఖను తేలికగా తీసుకొని నష్టపోయినవారు ఉన్నారు. కాబట్టి లేఖను దాని స్వరాన్నిబట్టి కాక, అది అడుగుతున్న విషయాన్నిబట్టి చదవడం నేర్చుకోవాలి. ఈ భాగంలో కెనడా స్టడీ పర్మిట్‌ను ఉదాహరణగా తీసుకొని ఈ తేడాను పరిశీలిద్దాం.

2. లేఖ ఎవరి చేతికి వస్తుంది?

కెనడాలో వీసాలు, పర్మిట్లు చూసే ప్రభుత్వ శాఖ పేరు ఇమిగ్రేషన్, రెఫ్యూజీస్ అండ్ సిటిజన్‌షిప్ కెనడా. దీనిని క్లుప్తంగా ఐ.ఆర్.సి.సి. అంటారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసినవారికి ఈ శాఖ సాధారణంగా "మీ ఖాతాలో కొత్త సందేశం ఉంది" అని మాత్రమే ఈ-మెయిల్ పంపుతుంది. అసలు లేఖ ఖాతా లోపల పి.డి.ఎఫ్. రూపంలో ఉంటుంది. అందువల్ల ఈ-మెయిల్‌లోని లింకును నొక్కకుండా, బ్రౌజర్‌లో canada.ca అని మీరే టైపు చేసి ఖాతాలోకి వెళ్ళడం క్షేమం. లేఖ అక్కడ కనిపిస్తే అది నిజమైనదే. అక్కడ లేకుండా, ఎవరిదో వ్యక్తిగత బ్యాంకు ఖాతాకు రుసుము పంపమని అడిగితే అది మోసం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ఊళ్ళలో చాలామంది దరఖాస్తును కన్సల్టెన్సీ ద్వారా చేస్తారు. ఖాతా, దాని పాస్‌వర్డు, దానికి ఇచ్చిన ఈ-మెయిల్ అన్నీ కన్సల్టెన్సీవారి దగ్గరే ఉంటాయి. లేఖ వచ్చిన విషయం మీకు వారం ఆలస్యంగా తెలియవచ్చు. అసలు తెలియకపోవచ్చు కూడా. గడువు మాత్రం లేఖమీద ఉన్న తేదీ నుంచి లెక్కకు వస్తుంది. ఆ గడువు 7 రోజులు కావచ్చు, 30 రోజులు కావచ్చు. అందువల్ల కన్సల్టెన్సీవారు ఫోనులో చెప్పే సారాంశంతో సరిపెట్టుకోకండి. లేఖ పూర్తి ప్రతిని అడిగి తీసుకొని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు మీరే చదవండి.

3. మామూలు లేఖ: పత్రాన్ని అడిగేది

మామూలు లేఖకు ఒక స్థిరమైన అచ్చు ఉంటుంది. మొదట "మీ దరఖాస్తును పరిశీలించడానికి ఈ క్రింది పత్రాలు అవసరం" అనే వాక్యం ఉంటుంది. తరువాత పత్రాల జాబితా వస్తుంది. ఆపైన గడువు ఉంటుంది. చివరగా "గడువులోగా రాకపోతే ఉన్న సమాచారంతోనే నిర్ణయం తీసుకుంటాము, తిరస్కరించే అవకాశం ఉంది" అనే హెచ్చరిక ఉంటుంది. వేలిముద్రలు ఇమ్మని, వైద్య పరీక్ష చేయించుకొమ్మని, కుటుంబ వివరాల ఫారం మళ్ళీ నింపమని, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పంపమని వచ్చే లేఖలు ఈ కోవకు చెందుతాయి.

ఇటువంటి లేఖలో అధికారి మీ గురించి ఏ అభిప్రాయమూ చెప్పలేదని గమనించండి. వస్తువు పేరు ఉంది, గడువు ఉంది. "మీరు ఇలా చేశారు" అనే వాక్యం లేదు. కొన్ని లేఖలలో 16(1) అనే సెక్షన్ ప్రస్తావన కూడా ఉండవచ్చు. కెనడా ఇమిగ్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు అడిగిన ప్రశ్నలకు నిజం చెప్పాలి. అధికారి సహేతుకంగా కోరిన పత్రాలు చూపాలి. పత్రాలు కోరే అధికారం ఎక్కడిదో చెప్పడానికి ఈ సెక్షన్‌ను ఉదహరించవచ్చు. కాబట్టి అది ఒక్కటే కనిపించినంత మాత్రాన భయపడనక్కరలేదు.

3.1 ఒక ఉదాహరణ

ఖమ్మం జిల్లాకు చెందిన ఒక బి.కాం. విద్యార్థినిని ఊహించుకుందాం. ఆమె తండ్రి రైతు. దరఖాస్తుకు కొద్ది వారాల ముందు తండ్రి ఖాతాలో 9 లక్షల రూపాయలు జమ అయ్యాయి. వీసా కార్యాలయం "గత ఆరు నెలల స్టేట్‌మెంట్ పంపండి; పెద్ద మొత్తాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆధారాలతో వివరించండి" అని రాసింది. గడువు 30 రోజులు.

ఈ లేఖ అచ్చు మామూలుదే. అయితే దీనిలో అధికారి ఆలోచన కొంత తెలుస్తుంది. డబ్బు చూపించడం కోసమే ఎవరిదగ్గరో తెచ్చి ఖాతాలో వేశారా అనేది ఆయన తెలుసుకోదలచిన విషయం. స్టేట్‌మెంట్ ఒక్కటే పంపితే 9 లక్షల జమ మళ్ళీ కనబడుతుంది కాని ప్రశ్నకు జవాబు దొరకదు. "వివరించండి" అన్న మాటకు వివరణే ఇవ్వాలి.

తండ్రిని అడిగితే లెక్క ఇలా తేలింది. ఇంటి స్థలం అమ్మగా 6 లక్షలు, మిర్చి పంట అమ్మగా 1,80,000, చిట్టీ పాడుకొనగా 1,20,000 వచ్చాయి. మూడూ కలిపితే సరిగ్గా 9 లక్షలు. విద్యార్థిని ఒక పేజీ వివరణ రాసింది. ప్రతి మొత్తానికి ఎదురుగా స్టేట్‌మెంట్‌లో అది జమ అయిన తేదీని, దాని ఆధార పత్రం పేరును చూపింది. స్థలానికి రిజిస్టరు అయిన అమ్మకం దస్తావేజు, మిర్చికి మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, చిట్టీకి చిట్‌ఫండ్ కంపెనీ చెల్లింపు రసీదు జతచేసింది.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు ఉన్నాయి. మొదటిది, దస్తావేజులో రాసిన ధరకూ, ఖాతాలో పడిన సొమ్ముకూ పొంతన లేకపోవడం. దస్తావేజులో 6 లక్షలు ఉండగా స్థలం మీద 9 లక్షలు వచ్చాయని రాస్తే, మిగిలిన 3 లక్షల ప్రశ్న మీరే కొత్తగా పుట్టించినట్లవుతుంది. ఏ పత్రం ఎంత చూపుతున్నదో అంతే రాయాలి. మిగతా సొమ్ముకు నిజమైన మూలాన్ని వేరుగా చూపాలి. రెండవది అనువాదం. తెలుగులో ఉన్న దస్తావేజుకు, తక్‌పట్టీకి ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం జతచేయాలి. ఆ అనువాదం మీరుగాని మీ కుటుంబ సభ్యులుగాని చేయరాదు. ధ్రువీకరణ ఉన్న అనువాదకుడు కాకపోతే, అనువాదం చేసిన వ్యక్తి ప్రమాణపత్రం కూడా కావాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన అన్నయ్య చేసిన అనువాదం ఎంత చక్కగా ఉన్నా చెల్లదు.

ఖాతాలో ఒక్కొక్క అభ్యర్థనకు సాధారణంగా ఒకే అప్‌లోడ్ గడి ఉంటుంది. అందువల్ల వివరణను ముందు పెట్టి, ఆధారాలను అదే వరుసలో చేర్చి, మొత్తాన్ని ఒకే పి.డి.ఎఫ్.గా పంపాలి. అడగని పత్రాలతో దానిని నింపకూడదు. ఏదైనా పత్రం గడువులోగా రాకపోతే, గడువు ముగియకముందే ఆ సంగతి రాతపూర్వకంగా తెలపాలి. ఎందుకు ఆలస్యమవుతున్నదో, ఎప్పటికి వస్తుందో రాసి, దానికోసం అర్జీ పెట్టిన రసీదు జతచేయాలి.

> మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
> "మీ తండ్రిగారి ఆదాయపు పన్ను రిటర్నులు 15 రోజులలోగా పంపండి. లేకపోతే మీ దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు." ఈ లేఖ ఏ రకానికి చెందుతుంది? ఎందుకు?

4. అనుమానపు లేఖ: జవాబు కోరేది

రెండవ రకం లేఖను ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లేఖ అంటారు. ఒక వ్యక్తికి వ్యతిరేకంగా నిర్ణయం తీసుకొనే ముందు అతని వాదన వినాలి అనే సహజ న్యాయ సూత్రం దీనికి మూలం. లేఖ పైభాగంలో ఈ పేరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కాబట్టి పేరుకోసం కాక, నాలుగు గుర్తులకోసం వెదకండి.

మొదటి గుర్తు "కన్సర్న్స్" అనే మాట. "నాకు కొన్ని సందేహాలు ఉన్నాయి" అని అధికారి తన తరఫున రాస్తాడు. మామూలు లేఖలో మాట్లాడేది కార్యాలయం. ఇక్కడ మాట్లాడేది నిర్ణయం తీసుకొనే అధికారి. రెండవ గుర్తు, మీరు చేశారని ఆయన భావిస్తున్న పని. ఫలానా పత్రం నిజమైనది కాదని, ఫలానా ప్రశ్నకు నిజం చెప్పలేదని, సంస్థను విచారిస్తే ఫలానా విషయం తెలిసిందని రాస్తాడు. మూడవ గుర్తు "మిస్‌రిప్రజెంటేషన్" లేదా "ఇన్‌అడ్మిసిబుల్" అనే మాట. మొదటిదానికి తప్పుడు సమాచారం ఇవ్వడం లేదా ముఖ్యమైన విషయాన్ని దాచడం అని అర్థం. రెండవదానికి దేశంలో ప్రవేశానికి అనర్హులు అని అర్థం. నాలుగవ గుర్తు అన్నిటికంటె ముఖ్యమైనది: 40(1)(a) అనే సంఖ్య.

మామూలు తిరస్కరణకూ, ఈ సెక్షన్ కింద తీసుకొనే నిర్ణయానికీ చాలా దూరం ఉంది. డబ్బు చాలదనో, చదువు ముగిశాక తిరిగి వెళతారన్న నమ్మకం కలగలేదనో తిరస్కరిస్తే, లోపం సరిచేసుకొని మరుసటి నెలలోనే మళ్ళీ దరఖాస్తు చేయవచ్చు. 40(1)(a) కింద అనర్హులని తేల్చితే 5 సంవత్సరాలపాటు కెనడాలో ప్రవేశం ఉండదు. ఆ కాలంలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయడానికి కూడా వీలులేదు. పైగా ఆ తరువాత ఏ దేశపు ఫారంలోనైనా "మీకు ఎప్పుడైనా వీసా నిరాకరించారా?" అనే ప్రశ్న వస్తే, జరిగినది చెప్పవలసే ఉంటుంది.

ఇంకొక విషయం గమనించాలి. ప్రతి తిరస్కరణకు ముందూ లేఖ రావాలన్న నియమం లేదు. మీరు పెట్టిన ఆధారాలు చాలకపోతే, అధికారి మరొకసారి అడగకుండానే తిరస్కరించవచ్చు. కాని మీ మాట నిజాయితీని, పత్రం అసలుతనాన్ని శంకిస్తున్నప్పుడు మాత్రం మీకు తెలిపి జవాబు కోరాలి. కెనడా ఫెడరల్ కోర్టు 2006లో హస్సానీ కేసులో ఈ తేడాను స్పష్టంచేసింది. అంటే అనుమానపు లేఖ రావడం చెడు సంకేతమే అయినా, మీకున్న హక్కు కూడా అదే. తుది నిర్ణయం ఇంకా జరగలేదు.

4.1 అదే విద్యార్థినికి వచ్చిన రెండవ లేఖ

మన ఉదాహరణలోని విద్యార్థినికి బ్యాంకు వివరాలు పంపిన నెల తరువాత ఇంకొక లేఖ వచ్చింది. దాని సారాంశం ఇది: "మీరు నిజాయితీగా జవాబులు ఇచ్చారా అనే విషయంలో నాకు సందేహాలు ఉన్నాయి. ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా అనే ప్రశ్నకు 'లేదు' అని జవాబిచ్చారు. మీకు అమెరికా వీసా నిరాకరించినట్లు మాకు సమాచారం ఉంది. మీరు 40(1)(a) కింద అనర్హులు కావచ్చు. తుది నిర్ణయానికి ముందు జవాబు ఇవ్వడానికి 7 రోజుల అవకాశం ఇస్తున్నాను."

కన్సల్టెన్సీ వ్యక్తి లేఖను పైపైన చూసి, "ఏం ఫర్వాలేదమ్మా, ఇది అందరికీ వచ్చేదే. బ్యాంకు స్టేట్‌మెంట్ కొత్తది తీయించి మళ్ళీ పెడదాం" అన్నాడు. ఆమె లేఖను తండ్రికి తెలుగులో చెప్పి, "నాన్నా, ఇందులో డబ్బు గురించి ఒక్క మాట కూడా లేదు. నేను అబద్ధం చెప్పానా అని అడుగుతున్నారు" అంది. ఆమె సరిగా చదివింది. ఇక్కడ నాలుగు గుర్తులూ ఉన్నాయి. ఎన్ని స్టేట్‌మెంట్లు పెట్టినా ఈ ప్రశ్నకు జవాబు కాదు.

అసలు జరిగినదేమిటంటే, అంతకు ముందు సంవత్సరం ఆమె హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్‌లో విద్యార్థి వీసా ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఆ దేశపు చట్టంలోని 214(b) కింద నిరాకరించి, ఒక కాగితం చేతికిచ్చారు. ఆ సంగతి కన్సల్టెన్సీకి చెప్పింది. అయినా ఫారం నింపిన వ్యక్తి "లేదు" అని గుర్తుపెట్టాడు. నింపిన ఫారాన్ని ఆమె చదవకుండానే పంపడానికి ఒప్పుకొంది. ఇటువంటివి బయటపడవని కొందరు చెబుతారు. వీసా సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి కెనడా, అమెరికాలు 2012లోనే ఒప్పందం చేసుకున్నాయి. అలాగే 2023 డిసెంబరు 1 నుంచి కెనడా విద్యాసంస్థలు ప్రతి ప్రవేశ లేఖ నిజమైనదేనని ఆ శాఖకు ధ్రువీకరించవలసి ఉంది. కాబట్టి వీసా చరిత్రనుగాని, ప్రవేశ లేఖనుగాని అధికారి మీ మాటమీదే నమ్మవలసిన అవసరం లేదు.

4.2 జవాబు ఎలా ఉండాలి?

ఆమె మొదట చేయవలసిన పని జరిగినదానిని ఒప్పుకోవడం. వీసా నిరాకరించిన తేదీ, కార్యాలయం, వీసా రకం, సెక్షన్ రాసి, అప్పుడు ఇచ్చిన కాగితం నకలు జతచేయాలి. నిరాకరించలేదని బుకాయించినా, "అది నిరాకరణ అని నాకు తెలియదు" అని తేలికగా రాసినా మొదటి తప్పుకు రెండవది తోడవుతుంది.

తరువాత తప్పు ఎలా జరిగిందో ఆధారాలతో చెప్పాలి. కన్సల్టెన్సీకి తన అమెరికా ఇంటర్వ్యూ సంగతి చెప్పిన వాట్సాప్ సందేశాలు, మొదట రాసిచ్చిన వివరాల కాగితం ఆమె దగ్గర ఉంటే, దాచాలనే ఉద్దేశం లేదని అవి చూపుతాయి. ఆ సందేశాల తేదీలు దరఖాస్తు పంపిన తేదీకి ముందువై ఉండటం ముఖ్యం. ఆపైన ఆ ప్రశ్నకు సరైన జవాబు ఉన్న ఫారం జతచేయాలి. 7 రోజులు చాలకపోతే, గడువు ముగియకముందే కారణం చూపి అదనపు సమయం కోరాలి.

అయితే దీని హద్దు కూడా తెలుసుకోవాలి. "ఏజెంటు చేసిన తప్పు, నాది కాదు" అనే వాదన చాలాసార్లు నిలబడదు. దరఖాస్తులోని సమాచారం నిజమని ప్రకటించినది మీరే గనుక దాని బాధ్యత మీదేనని కెనడా న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి. నిజాయితీగా జరిగిన పొరపాటుకు మినహాయింపు ఉన్నా అది చాలా ఇరుకైనది. కాబట్టి మంచి జవాబు ఇచ్చినా అనుకూల నిర్ణయం వస్తుందని చెప్పలేము. లేఖ వచ్చిన తరువాత దరఖాస్తును ఉపసంహరించుకుంటే ఆరోపణ కూడా పోతుందని అనుకోరాదు.

ఈ దశలో సలహా అవసరం. డబ్బు తీసుకొని కెనడా ఇమిగ్రేషన్ దరఖాస్తుదారుల తరఫున పనిచేయడానికి ఆ దేశపు న్యాయవాదుల సంఘాల సభ్యులకు, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ అనే నియంత్రణ సంస్థ లైసెన్సు ఉన్నవారికి మాత్రమే చట్టం అనుమతిస్తుంది. ఆ సంస్థ వెబ్‌సైటులోని బహిరంగ జాబితాలో పేరు వెదికి చూడవచ్చు. ఫారంలో తప్పు గుర్తు పెట్టిన వ్యక్తి చేతనే జవాబు రాయిస్తే, తన తప్పు బయటపడే ఆధారాలను అతను పెట్టకపోవచ్చు. ఈ సంగతి మరచిపోకూడదు.

5. సారాంశం

తిరస్కరణ హెచ్చరిక, గడువు, 16(1) ప్రస్తావన మామూలు లేఖలోనూ ఉంటాయి. వాటినిబట్టి లేఖను తూచకూడదు. లేఖ ఒక వస్తువును అడిగితే ఆ వస్తువును, వివరణ అడిగితే లెక్క సరిపోయే వివరణను పంపాలి. లేఖ అధికారి సందేహాన్ని, మీరు చేశారని భావించే పనిని, అనర్హతను, 40(1)(a) ను ప్రస్తావిస్తే అది అనుమానపు లేఖ. దానికి పత్రాల కట్ట జవాబు కాదు. ఆ సందేహాన్నే ఎదుర్కొనే నిజమైన వివరణ, దానిని బలపరచే ఆధారాలు జవాబు అవుతాయి.

> మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
> "మీరు పంపిన ఉద్యోగానుభవ పత్రం గురించి సంస్థను విచారించగా, మీరు అక్కడ పనిచేయలేదని తెలిపారు. దీనిపై మీ జవాబు 30 రోజులలోగా పంపవచ్చు." ఈ లేఖలో తిరస్కరణ అనే మాట లేదు, గడువు కూడా ఎక్కువే. ఇది మామూలు లేఖేనా?

జవాబులు

1. మామూలు లేఖ. ఒక పత్రాన్ని పేరుపెట్టి అడిగింది. దరఖాస్తుదారు ఏదైనా తప్పు చేసినట్లు చెప్పలేదు. చివరి హెచ్చరిక అన్ని లేఖలలో ఉండేదే.

2. కాదు. స్వరం మెత్తగా ఉన్నా, పత్రం నిజమైనది కాదనే ఆరోపణ దీనిలో ఉంది. కొత్త అనుభవ పత్రం తెచ్చి పెట్టడం చాలదు. నిజంగా పనిచేసి ఉంటే జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్, నియామక లేఖ, పి.ఎఫ్. వివరాలు వంటి వేరే ఆధారాలతో నిరూపించాలి. సంస్థ అలా ఎందుకు చెప్పిందో కూడా వివరించాలి.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. మామూలు తిరస్కరణకు, 40(1)(a) కింద అనర్హతకు గల తేడాలను వివరించండి.
2. ఖాతాలో పెద్ద మొత్తం జమ అయినప్పుడు దాని మూలాన్ని ఏ విధంగా చూపాలో ఒక ఉదాహరణతో రాయండి.